పొందూరు ఖద్దరు లాల్చీ: వస్తు వివరణ పత్రం

నమోదు సంఖ్య: 2024/37. దాత: శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఒక కుటుంబం, తాతగారి పెట్టెలోంచి. పరిశీలన: వాలంటీర్, బల్లమీద పరిచి, పది రెట్ల భూతద్దంతో.

కొలతలు: పొడవు 96 సెం.మీ., ఛాతీ దగ్గర అడ్డంగా 58 సెం.మీ., చెయ్యి పొడవు 54 సెం.మీ. బరువు 165 గ్రాములు. ఇంత పెద్ద లాల్చీకి ఇది చాలా తక్కువ. చేతిలోకి తీసుకోగానే ముందు తెలిసేది ఈ తేలికే.

బట్ట. పడుగు, పేక రెండూ చేత్తో వడికిన ఒంటి నూలు పోగులే. మామూలు నేత. అంగుళానికి పడుగు సుమారు 66, పేక 62. దారం కొన్నిచోట్ల వెంట్రుకలా సన్నబడి, రెండు మూడు అంగుళాల తర్వాత కాస్త లావెక్కుతుంది. మిల్లు నూలులో ఇలా ఉండదు. రాలిన ఒక పోగును కాల్చి చూస్తే కాగితం కాలిన వాసన వచ్చింది, మెత్తని బూడిద మిగిలింది. రంగు తెలుపు కాదు, లేత మీగడ. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులో కొండపత్తి గింజల మీది దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూరు కౌంటు దాటిన సన్నదనం వచ్చేది అందుకే. దాత కుటుంబం జిల్లాకీ, ఈ నూలుకీ పొసగుతోంది కాబట్టి దీన్ని పొందూరు ఖద్దరుగా నమోదు చేస్తున్నాను.

కుట్టుపని. ఒళ్లు తిన్నగా కత్తిరించారు, చేతులు కూడా నేరుగా అతికించారు. చంక కింద చదరపు ముక్క ఉంది, చెయ్యి పైకెత్తినా బట్ట లాక్కోదు. దర్జీ పొదుపరి: పక్క ముక్కల్లో రెండింటికి బట్ట అంచునే అలాగే వాడుకున్నాడు, దాంతో అక్కడ మడిచి కుట్టాల్సిన పని లేకపోయింది. పొడవు కుట్లన్నీ మిషన్ మీదే, అంగుళానికి సుమారు 12. అతుకుల అంచులు లోపలికి మడిచి పైనుంచి రెండో కుట్టు వేశాడు, లోపల ఒక్క పోగు కూడా బయటికి రాలేదు. కింది అంచు, కాజాలు మాత్రం చేతికుట్టు. ముందు పట్టీకి నాలుగు గుండీలు: మూడు ముత్యపు చిప్పవి, ఒకటి తెల్ల ప్లాస్టిక్, తర్వాత మార్చినది.

స్థితి: నిలకడగా ఉంది, నాజూకుగా ఉంది. కాలర్ మడత పూర్తిగా అరిగి, వెనక వైపు 6 సెం.మీ. మేర చిరిగింది. కుడి మోచేతి దగ్గర రఫూ ఉంది. ఎవరు చేశారో గానీ, అదే బట్టలోంచి తీసిన పోగులతో పడుగు మీద పడుగు, పేక మీద పేక పట్టుకుని నేసినట్టే చేశారు. ఎడమ భుజం దగ్గర ఇంకో మరమ్మతు ఉంది, అది మెరిసే పాలిస్టర్ దారంతో హడావిడిగా వేసిన కుట్టు. రెండింటినీ విప్పకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ లాల్చీ ఎన్నాళ్లు వాడుకలో ఉందో చెప్పేవి అవే. మడతల వెంట పసుపు చారలున్నాయి, పాత గంజి వల్ల కావచ్చు. అది పురుగును పిలుస్తుంది కనుక సంరక్షణ నిపుణులు చూడాలి. ఆలోగా ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు.

కాలర్ పట్టీ లోపల నల్లజీడి రసంతో పెట్టిన చాకలి గుర్తు ఉంది: అడ్డగీత, దాని కింద మూడు చుక్కలు. ఎన్ని ఉతుకులు పడ్డా చెక్కుచెదరలేదు. ప్రదర్శనలో పెడితే ఈ లోపలి వైపు కూడా కనబడేలా అమర్చాలి. నేసినవాళ్లు, కుట్టినవాళ్లే కాదు, ఉతికినవాళ్లు కూడా ఈ బట్టమీద సంతకం పెట్టారు.

కాలం. నూలును బట్టి కాలం కట్టలేం, పొందూరులో ఆ వడుకు ఇప్పటికీ సాగుతోంది. ఆధారం కింది అంచు మడతలో దొరికింది: వెలిసిన నీలం ముద్ర, సగం రాట్నం బొమ్మ, పక్కన “చరఖా సం” వరకు అక్షరాలు. ఖద్దరు పని నడిపిన అఖిల భారత చరఖా సంఘం 1925లో ఏర్పడింది. తర్వాత ఆ పని చేపట్టిన ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1957లో వచ్చింది, దాని పేరు ఈ ముద్రలో లేదు. కాబట్టి బట్ట 1925–1957 మధ్యది కావచ్చు. భుజం దగ్గరి పాలిస్టర్ కుట్టు 1960లలోనో, ఆ తర్వాతో వేసినది కావచ్చు, అంటే అప్పటికీ ఎవరో దీన్ని వేసుకుంటున్నారు. తాతగారు 1930 ఉప్పు సత్యాగ్రహంలో వేసుకున్నారని కుటుంబం చెబుతోంది. కాలం దానికి అడ్డురాదు, కానీ బట్టలో అందుకు రుజువు లేదు. లేబుల్ మీద “కుటుంబ కథనం” అనే రాయాలి.

భద్రపరచడం: హ్యాంగర్‌కు తగిలించకుండా ఆమ్లం లేని కాగితం పరిచి, మడతల్లో అదే కాగితం ఉండలు పెట్టి, పెట్టెలో చదునుగా ఉంచాలి. కలరా ఉండలు వెయ్యొద్దు. రాలిన పోగులు విడి కవర్లో, ఇదే నంబరుతో ఉన్నాయి.