అన్నయ్యా, బెస్ట్ లాప్‌టాప్ ఏది?

అన్నయ్యా, ఖాళీ అయ్యాక చూసి చెప్పు. మంచి లాప్‌టాప్ ఒకటి కొనాలి. ఇప్పుడున్నవాటిలో బెస్ట్ ఏది? ఫోన్ కూడా మార్చాలి అనుకో. ముందు ఏది కొంటే మంచిదో అదీ నువ్వే చెప్పేయ్.

పాత లాప్‌టాప్ సంగతి నీకు తెలుసుగా. 4 జీబీ ర్యామ్, పైగా హార్డ్ డిస్క్. ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆపేశారు కదా, పోనీ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదని ఎక్కనివ్వడం లేదు. ఇక ఫోన్‌కి అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. చార్జింగ్ మధ్యాహ్నం దాకా కూడా ఉండట్లేదు.

ఇప్పటికే ఇద్దరు ముగ్గుర్ని అడిగాను, ఉన్న క్లారిటీ కూడా పోయింది. ఒకడు 8 జీబీ చాలంటాడు, ఇంకొకడు 16 లేకపోతే కొనొద్దంటాడు. తర్వాత పెంచుకుందాంలే అనుకుంటే, పల్చటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారట, మార్చడానికి కుదరదట. ప్రాసెసర్ ఐ5 అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు అనుకున్నా. కాదు, ఏ జనరేషనో చూడాలి, చివర యూ ఉందో హెచ్ ఉందో కూడా చూడాలి అన్నారు. ఆ అక్షరాలు ఎవరు చదువుతారు అన్నయ్యా!

ఫోన్లదీ ఇదే గోల. డబ్బా మీద 8+8 జీబీ అని రాస్తారు, రెండో 8 అసలు ర్యామే కాదు, స్టోరేజీలోంచి తీసుకునేదట. 50 మెగాపిక్సెల్ కెమెరా అంటారు, మామూలుగా తీస్తే నాలుగు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి పన్నెండున్నరే ఇస్తుందట. మోసం కాదులే, చీకట్లో ఫొటో బాగా రావడానికే అలా చేస్తారు. కానీ నాలాంటివాడికి ఏది పెద్ద నంబరో ఏది అసలు నంబరో ఎలా తెలుస్తుంది?

అందుకే నిన్ను అడుగుతున్నా. దేనికి వాడతావు అంటావేమో, అందరూ దేనికి వాడతారో దానికే. అన్నిటికీ పనికిరావాలి, హ్యాంగ్ అవకూడదు, బరువుండకూడదు, నాలుగైదేళ్లు టెన్షన్ లేకుండా ఉండాలి. ఎంతలో అని ఇప్పుడే అడక్కు, ముందు మోడల్ తెలిస్తే రేటు తర్వాత చూసుకుంటా. కంపెనీ ఏదైనా సరే, మంచిదైతే చాలు.

మళ్లీ పది పేర్లు పంపి వాటిలో నువ్వే చూసుకో అనొద్దు, ప్లీజ్. ఒక్కటి చెప్పు, అదే కొనేస్తా. ఆదివారం లోపు చెప్తే బాగుంటుంది, ఆ రోజే తీసుకుందామని చూస్తున్నా.