వేలు పెట్టకుండానే కొట్టుకున్న నాడి

స్కాలర్‌షిప్ ఎంపిక కమిటీ వారికి,

మూడో ఏడాది ప్రాజెక్టు కోసం నేను చేసిన పల్స్ ఆక్సిమీటర్ ఒక సాయంత్రం నాడి నిమిషానికి 59 అని చూపించింది. తెర మీద అల అచ్చం గుండె కొట్టుకున్నట్టే లేస్తూ పడుతూ ఉంది. కానీ క్లిప్‌లో ఎవరి వేలూ లేదు.

సెన్సార్ పాడైందనుకుని మార్చాను. మార్చినా అదే 59. క్లిప్ మీద అరచెయ్యి కప్పితే అల చిన్నదైంది. అప్పుడు అనుమానమొచ్చి లేచి ట్యూబ్‌లైటు ఆపాను. నాడి ఆగిపోయింది. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే పాతరకం ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు. నేను కూడా సెకనుకు 100 రీడింగులే తీస్తున్నాననుకున్నాను. కోడ్‌లో ఉన్నది ఇది:

```
readSensor();
delay(10);
```

రీడింగు తీయడానికే 0.1 మిల్లీసెకను పడుతోందని నేను లెక్కేసుకోలేదు. అంటే ఒక్కో రీడింగుకు 10.1 మిల్లీసెకన్లు, సెకనుకు దాదాపు 99 రీడింగులు. 100కూ 99కూ మధ్య మిగిలిన ఆ ఒక్క హెర్ట్జే నాకు గుండె చప్పుడులా కనిపించింది. దీన్ని ఏలియాసింగ్ అంటారు. క్లిప్‌లో వేలిలోంచి కాంతి పంపే రెండు ఎల్‌ఈడీలనూ ఆపి గదిలోని వెలుతురును విడిగా కొలిచి, ప్రతి రీడింగులోంచి దాన్ని తీసేశాను. రీడింగుల మధ్య వ్యవధిని టైమర్‌కు అప్పగించాను. ఆ తర్వాత లైటు వేసినా ఆపినా, వేలు లేకపోతే నాడి కనిపించలేదు.

ఏలియాసింగ్ గురించి చెప్పే సబ్జెక్టు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్. మీకు పంపిన మార్కుల జాబితాలో నేను తప్పిన పేపరు ఒక్కటే ఉంది, అదే ఇది. దాని గురించి నేనే చెప్పడం న్యాయం.

డిప్లొమా అయ్యాక నా చదువు రెండేళ్లు ఆగింది. నాన్న ఆరోగ్యం దెబ్బతిని పని మానేశారు, ఇంట్లో ఇంకెవరికీ జీతం లేదు. ఒక ఆసుపత్రిలో వైద్య పరికరాలు రిపేరు చేసే టెక్నీషియన్‌గా చేరాను. తర్వాత ఇంజనీరింగ్‌లో నేరుగా రెండో ఏడాదిలో సీటొచ్చింది. మొదటి ఏడాది లెక్కలు నేను చదవలేదు. సాయంత్రాలు రిపేరు పని మానలేదు. క్లాసులో ఫూరియర్ పేరెత్తితే అందరూ తలూపేవారు, నేనూ ఊపేదాన్ని. అర్థం కాలేదని అడగలేకపోవడం మాత్రం నా తప్పే, దానికి పరిస్థితులను అడ్డం పెట్టుకోను. పేపరు పోయాక మొదటి ఏడాది లెక్కల పుస్తకం దగ్గరేసుకుని మొదటి పేజీ నుంచి చేశాను. రెండోసారి 78 వచ్చాయి.

ఆసుపత్రిలో గడిపిన రెండేళ్లను నష్టం కింద రాయలేను. మొదట్లో టూల్‌బ్యాగు భుజాన వేసుకుని వార్డులోకి వెళ్తే, "టెక్నీషియన్ ఎప్పుడొస్తారమ్మా?" అని నన్నే అడిగేవారు. "నేనేనండీ" అంటే, నిజమా కాదా అని మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. బాధేసేది. రిపేరు చేసిన ప్రతి పరికరానికీ ఒక చీటీ అంటించడం మొదలుపెట్టాను: ఏం పాడైంది, ఏం మార్చాను, తేదీ, నా సంతకం. కొన్ని నెలలకు "ఆ చీటీలు అంటించే అమ్మాయిని పంపండి" అని వార్డుల నుంచి ఫోన్లు వచ్చేవి.

ఒకరోజు ఒక సీనియర్ నర్సు ఆక్సిమీటర్ తెచ్చిచ్చారు. "ఇది 95 చూపిస్తోంది. పేషెంటును చూస్తే నాకు నమ్మబుద్ధి కావడం లేదు" అన్నారు. టెస్టర్ పెట్టి చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 'లోపం లేదు' అని చీటీ రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. తర్వాత ధమని రక్తం తీసి పరీక్షిస్తే ఆక్సిజన్ అంతకన్నా చాలా తక్కువగా ఉందని తెలిసింది. పేషెంటుకు వెంటనే ఆక్సిజన్ పెట్టారు, కోలుకున్నారు. ఆ పేషెంటుది బాగా నల్లటి చర్మం.

ఆక్సిమీటర్ వేలిలోంచి రెండు రకాల కాంతి పంపుతుంది: 660 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల పరారుణం. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండింటినీ వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. నాడితో పాటు మారే భాగాన్ని మాత్రమే తీసుకుంటే చర్మం, ఎముక లెక్కలోంచి పోతాయని సిద్ధాంతం. కానీ ఆ నిష్పత్తిని శాతంగా మార్చే పట్టిక మనుషుల మీద పరీక్షలు చేసి తయారుచేసింది. ఆ మనుషులు ఎవరన్నది రీడింగులో కలిసే ఉంటుంది. 2020లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆక్సిమీటర్ పట్టుకోలేకపోయిన ఆక్సిజన్ లోపం తెల్లవారిలో కన్నా నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు బయటపడింది. అది చదివిన రాత్రి నాకు నా చీటీయే గుర్తొచ్చింది. ఆ పేషెంటు విషయంలో కారణం ఇదేనని రుజువు చేయలేను. కానీ టెస్టర్ పాసైతే పరికరం బాగున్నట్టేనని నేను నమ్మాను, ఆ నర్సు నమ్మలేదు. ఆవిడే సరి.

ప్రాజెక్టు బృందంలో ఐదుగురం. అమ్మాయిని నేనొక్కదాన్నే. నా రాత బాగుంటుందని రికార్డు నాకిచ్చారు, సోల్డరింగ్ ఐరన్ మిగతావాళ్లు తీసుకున్నారు. రెండేళ్లు అదే చేతిలో పట్టుకుని బతికినదాన్ని. రెండు వారాలు ఊరుకుని, తర్వాత పనులు వంతులవారీగా చేద్దామని అడిగాను. ఒకరు ముఖం ముడుచుకున్నారు, మిగతావాళ్లు సరేనన్నారు. ల్యాబ్ రాత్రి పదింటిదాకా తెరిచే ఉన్నా మా హాస్టల్ గేటు ఎనిమిదింటికే మూసేవారు. నలుగురు అమ్మాయిలం కలిసి ఒక నెలపాటు ఎన్ని ల్యాబ్ గంటలు పోయాయో తేదీలతో రాసి ఇచ్చాం. వారానికి రెండు రోజులు పదింటిదాకా అనుమతి దొరికింది. మిగతా రోజుల కోసం జూనియర్లు ఇప్పుడు అడుగుతున్నారు, మా లెక్కల కాగితాలు వాళ్లకిచ్చాను.

మా పరికరాన్ని 14 మంది వేళ్ల మీద చూశాం. రకరకాల చర్మపు రంగుల వాళ్లను వెతికి మరీ పిలిచాను. ముదురు చర్మం మీద ఎరుపు సిగ్నల్ బలహీనపడటం స్పష్టంగా కనిపించింది. శాతం తప్పిందా లేదా అన్నది మాత్రం చెప్పలేకపోయాం. దానికి రక్తపరీక్ష విలువలు పక్కన పెట్టి పోల్చాలి, వైద్యులు, నైతిక అనుమతులు కావాలి. మా ల్యాబ్‌లో అవి లేవు. బయోమెడికల్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో మాస్టర్స్ చేయాలనుకోవడం ఇందుకే. రెండుకు బదులు ఎక్కువ తరంగదైర్ఘ్యాలు వాడి, చర్మం పీల్చుకునే కాంతిని విడిగా కొలిచి సరిచేసే సెన్సార్ నా థీసిస్ ప్రతిపాదన. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు అంకె బదులు 'నమ్మకం తక్కువ' అని తెర మీదే చెప్పాలన్నది అందులో రెండో భాగం. చదువయ్యాక పరికరాలు తయారుచేసే చోట, పరీక్షలకు ఎవరిని పిలవాలో నిర్ణయించే బల్ల దగ్గర కూర్చోవాలని నా కోరిక.

నాకు ప్రస్తుతం వారానికి 20 గంటలు రిపేరు పనికి పోతాయి. ఇంటి ఖర్చును ఇప్పుడు చెల్లి జీతం మోస్తోంది, నా ఫీజు మాత్రం నేనే కట్టుకోవాలి. మీ స్కాలర్‌షిప్ వస్తే ఆ ఉద్యోగం మానేస్తాను. మొదటి సెమిస్టర్‌లో ఆ 20 గంటలనూ ఆప్టిక్స్ నేర్చుకోవడానికీ, పరీక్షల అనుమతికి కావలసిన దరఖాస్తు రాయడానికీ పెడతాను. దరఖాస్తు చిత్తుప్రతి మొదలుపెట్టాను. అందులో ఎవరెవరిని పరీక్షించాలో చెప్పే పేజీని ముందు రాశాను.