డ్రమ్ సీడర్‌తో వడ్లు వేద్దాం: మండె నుంచి మొదటి కలుపు దాకా

(సొసైటీ శిక్షణ వీడియో. యాసంగి, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, మిర్యాలగూడ వైపు. నిడివి సుమారు 11 నిమిషాలు. క్లిప్పులన్నీ మన సభ్యుల పొలాల్లో ఫోన్‌తో తీసినవే. గొంతు: సొసైటీ సభ్యుడు.)

[క్లిప్ 1. తెల్లవారుజాము, మంచు. గట్టు మీద డ్రమ్ సీడర్. వెనక బురద మడి.]

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఇదే మన సొసైటీ డ్రమ్ సీడర్. నాలుగు డ్రమ్ములు, రెండు చక్రాలు, ఒక పిడి. ఒక్కో డ్రమ్ముకు రెండు పక్కలా రంధ్రాలుంటాయి కాబట్టి ఒక్కసారి లాగితే ఎనిమిది వరుసలు పడతాయి. వరుసకూ వరుసకూ మధ్య 20 సెంటీమీటర్లు.

తుకం పోసి నాటు వేస్తే ఎకరాకు 20 నుంచి 25 కిలోల వడ్లు కావాలి. దీనికి 10, 12 కిలోలు చాలు. నారు పీకే పని లేదు, నాటు కూలీల కోసం ఊరూరా ఫోన్లు చేసే పని లేదు. నాటు వేసిన మడికంటే వారం, పది రోజులు ముందు కోతకొస్తుంది.

ఇంత లాభమున్నా మన ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఒకసారి వేసి మళ్లీ దాని జోలికి పోలేదు. ఎందుకని అడిగితే "వడ్లు సరిగ్గా పడలేదు" అన్నారు. మిషన్‌లో లోపమేమీ లేదు. లాగడం ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది. పని చెడేది లాగకముందే. అందుకే ఈ వీడియోలో సగం మండె దగ్గరే ఉంటుంది, ఓపికగా చూడండి.

[క్లిప్ 2. పెద్ద ప్లాస్టిక్ టబ్బు. వడ్లు నీళ్లలో పోస్తున్న చేతులు. తేలిన తాలు తీసేస్తున్నారు.]

ముందుగా నానబెట్టడం. వడ్లు నీళ్లలో పోసి కలియబెట్టండి. పైకి తేలిన తాలు తీసి పారేయండి. తర్వాత కిలో వడ్లకు లీటరు నీళ్లు, ఆ లీటరులో ఒక గ్రాము కార్బెండజిమ్. 24 గంటలు అలాగే ఉంచండి. మందు కలిపేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. ఈ క్లిప్పులో మా తమ్ముడు వేసుకోలేదు, తర్వాత తిట్లు తిన్నాడు. మిగిలిన మందు నీళ్లు పశువుల తొట్టి దగ్గర పోయకండి.

[క్లిప్ 3. నీళ్లు వడగట్టిన వడ్లను గోనె సంచిలో పోసి, కింద వరిగడ్డి పరిచి, పైన గడ్డి కప్పుతున్నారు.]

ఇప్పుడు మండె కట్టడం. నీళ్లు పూర్తిగా కారిపోవాలి. సంచి నిండా కుక్కకండి, లోపల గాలి ఆడాలి. కింద గడ్డి, పైన గడ్డి.

వానాకాలం 24 గంటల్లో మొలక వచ్చేస్తుంది. యాసంగిలో డిసెంబరు చలికి అంత తొందరగా రాదు. అందుకే గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, సంచి విప్పి చూడండి. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, తెల్లారగానే ఒకసారి. చెయ్యి లోపలికి పెడితే గోరువెచ్చగా తగలాలి. మరీ వేడిగా ఉంటే సంచి దొర్లించి, కాసిని నీళ్లు చల్లండి. చల్లగా ఉంటే ఇంకో సంచి కప్పండి.

[క్లిప్ 4. అరచేతిలో వడ్లు, చాలా దగ్గరగా. కెమెరా కదలదు.]

ఇక్కడ వీడియో ఆపి, దగ్గరికి తీసుకుని చూడండి. గింజ కొస పగిలి తెల్లటి ముక్కు కనబడుతోంది కదా. చీమ తలకాయంత, అంతే. కొలిస్తే ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. డ్రమ్ములో పోయాల్సింది ఈ దశలోనే.

[క్లిప్ 5. ఇంకో అరచేయి. పొడుగు మొలకలు, వేళ్లు పెనవేసుకుని ముద్దలా ఉన్న వడ్లు.]

ఇవి నావి, పోయిన యాసంగివి. బంధువుల పెళ్లికి వెళ్లి ఒక రాత్రి ఆలస్యంగా వచ్చాను. సంచి విప్పేసరికి ఇదిగో ఇలా ఉంది. మొలక గోరంత పొడుగు, వేళ్లన్నీ చిక్కుపడిపోయాయి. విడదీయబోతే మొలక విరిగిపోతోంది. అయినా మొండికేసి డ్రమ్ములో పోశాను. నాలుగు అడుగులు లాగితే రెండు వరుసలే పడ్డాయి, మిగతా ఆరు ఖాళీ. చివరికి చేత్తో చల్లుకున్నాను. మీకూ ఇలాగే అయితే మిషన్ మీద కోపం తెచ్చుకోకుండా చల్లేసుకోండి, పంట పోదు. కాకపోతే వరుసలుండవు, కలుపు తీసేటప్పుడు ఆ కష్టం తెలుస్తుంది.

[క్లిప్ 6. నీడలో పట్టా మీద వడ్లు పలుచగా పరిచి ఉన్నాయి. ఒకామె చేత్తో తిరగేస్తోంది.]

మొలక సరిపోయిందనుకోగానే సంచి విప్పి నీడలో అరగంట ఆరబెట్టండి. తడి గింజ గింజకు అంటుకుంటుంది, రంధ్రంలోంచి రాలదు. ఎండలో వద్దు.

"పిడికిలి పట్టి వదిలితే గలగలా జారాలి బిడ్డా. చేతికి అంటుకుంటే ఇంకా ఆరలే అన్నట్టు." ఈమె మా పెద్దమ్మ. ఆరిందా లేదా అన్నది మేమంతా ఆమెకే చూపించి అడుగుతాం.

[క్లిప్ 7. ట్రాక్టరుతో దమ్ము, తర్వాత పలకతో చదును. వేగంగా నడిపిన క్లిప్పు.]

దమ్ము మామూలే, మీకు చెప్పక్కర్లేదు. చదును మాత్రం నాటు మడికంటే జాగ్రత్తగా చెయ్యాలి. నారైతే చారెడు గుంటలో నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది. మొలకెత్తిన గింజ తట్టుకోదు, మురిగిపోతుంది. పల్లంగా ఉండి నీళ్లు బయటికి పోని మడికి, చౌడు నేలకు ఈ పద్ధతి పెట్టుకోకండి. అక్కడ నాటే మేలు.

[క్లిప్ 8. నీళ్లు తీసేసిన మడి. ఒకతను వంగి బురదలో వేలితో గీత గీస్తున్నాడు. గీత మెల్లగా పూడుతోంది.]

దమ్ము చేసిన రోజే వేయకండి. బురద పేరుకోవాలి. మన నల్లరేగడికి ఒకటి, రెండు రోజులు పడుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న చెలకలో మర్నాటికే గట్టిపడుతుంది.

పదును చూసే పద్ధతి ఇదిగో. నీళ్లు మొత్తం తీసేసి, వేలితో గీత గీయండి. వెంటనే కలిసిపోతే బురద ఇంకా పలుచగా ఉన్నట్టు, గింజ లోపలికి దిగిపోతుంది. గీత అలాగే నిలబడిపోతే ఆలస్యమైనట్టు, గింజ పైనే ఉండి పిట్టల పాలవుతుంది. ఇలా మెల్లగా, నెయ్యి పేరుకున్నట్టు పూడాలి.

తిరకాసంతా ఇక్కడే ఉంది. మొలక, బురద రెండూ ఒకే పొద్దుటికి సిద్ధమవ్వాలి. ఆఖరి దమ్ము ఎప్పుడో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుని వడ్లు నానబెట్టండి. ట్రాక్టర్ రేపొస్తాడో ఎల్లుండొస్తాడో తెలియకుండా వడ్లు టబ్బులో పోస్తే ఆ మూడు రోజులూ టెన్షనే.

[క్లిప్ 9. డ్రమ్ము మూత తీసి వడ్లు పోస్తున్నారు. ముప్పావు వంతు దగ్గర వేలు పెట్టి చూపిస్తున్నారు.]

డ్రమ్ము ముప్పావు వంతే నింపండి. నిండా పోస్తే లోపల గింజ దొర్లదు. మూత గట్టిగా బిగించండి. మూత ఊడితే ఆ డ్రమ్ములోని విత్తనమంతా ఒకే చోట కుప్ప.

మడిలో దిగేముందు గట్టు మీద పట్టా పరిచి, సీడర్ ఎత్తి చక్రం చేత్తో రెండుసార్లు తిప్పండి. ఎనిమిది వరుసల్లోనూ గింజ రాలిందా? ఏ రంధ్రమైనా మూసుకుంటే పుల్లతో పొడవండి.

[క్లిప్ 10. సీడర్ లాగుతున్న యువకుడు. బురదలో ఎనిమిది చుక్కల వరుసలు.]

ఇక లాగడం. ఒకే నడక, ఆగకుండా, ఉరకకుండా. వెనక ఇంకొకరు నడుస్తూ ఏ వరుసైనా ఖాళీ పోతోందేమో చూడాలి.

"బావా, మూడో చాలు పడతలే!"

"ఆగు, ఆగు. పుల్ల ఇటియ్యి."

ఇలా అక్కడికక్కడే చూసుకోవాలి. మడి చివర సీడర్‌ను ఎత్తి తిప్పండి. తిరిగొచ్చేటప్పుడు చక్రం పాత చక్రం జాడలోనే నడవాలి, అప్పుడే వరుసల ఎడం సమానంగా వస్తుంది. డ్రమ్ములో పావు వంతు మిగిలితే చాలు, ఆగి మళ్లీ నింపండి. ఖాళీ అయ్యేకొద్దీ గింజ ఎక్కువ రాలి ఒత్తుగా పడుతుంది. మూలల్లో, గట్టు పక్కన మిగిలినచోట చేత్తో వేసుకోండి.

ఎనిమిది వరుసలంటే మీటరు అరవై వెడల్పు. ఆ లెక్కన ఎకరానికి రెండున్నర కిలోమీటర్ల నడక, అదీ బురదలో. ఇద్దరు మార్చుకుంటూ లాగండి.

[క్లిప్ 11. తూము మూస్తున్న చేతులు. మడి చుట్టూ సన్నటి కాలువ. కొంగల్ని అదిలిస్తున్న పిల్లలు.]

వేసిన తర్వాత నీళ్లు పెట్టకండి. ఇది మన చేతులకు కష్టమే, మడి చూడగానే తూము తీయబుద్ధవుతుంది. నేల తడిగా ఉంటే చాలు. ఆరి నెర్రె పట్టేలా ఉంటే పలుచగా తడిపి, మిగిలిన నీళ్లు తీసేయండి. వాన పడితే ఆ నీళ్లు వెంటనే పోవడానికే గట్టు వెంట ఈ కాలువ. మొక్కలు నిలదొక్కుకున్నాకే పలుచగా నీళ్లు నిలపండి. మొదటి మూడు రోజులు పిట్టల కాపలా తప్పదు.

[క్లిప్ 12. కలుపు మందు డబ్బా. పేరు కనబడకుండా తిప్పి, లేబుల్‌లో ఒక్క పదం మీద వేలు పెట్టి చూపిస్తున్నారు.]

కలుపు ఈ పద్ధతికి పెద్ద శత్రువు. నాటు మడిలో నారు ముందే ఎదిగి ఉంటుంది, ఇక్కడ కలుపూ వరీ ఒకేసారి మొలుస్తాయి. ప్రెటిలాక్లోర్ వాడితే సేఫ్నర్ కలిసి ఉన్నదే అడిగి కొనండి. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో మీరే చదవండి. సేఫ్నర్ లేనిది నాటు మడికి. అది ఇక్కడ వేస్తే కలుపుతో పాటు మన మొలకా పోతుంది. ఒక సభ్యుడికి నిరుడు దుకాణంలో "రెండూ ఒకటే" అని చెప్పి ఇచ్చారు. అరెకరం మళ్లీ వేసుకున్నాడు. మందు విత్తిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు వేయాలి. మోతాదు డబ్బా మీద ఉన్నంతే.

[క్లిప్ 13. పన్నెండో రోజు. ఎండ. పచ్చటి వరుసలు. మధ్యలో ఒక ఖాళీ.]

పన్నెండో రోజు మడి ఇది. ఇక్కడ జానెడు ఖాళీ కనబడుతోందా? ఒత్తుగా ఉన్నచోట పీకి ఇక్కడ పెడుతున్నారు మా వదిన. పది, పదిహేను రోజుల మధ్యే ఈ పని అయిపోవాలి. ఇరవయ్యో రోజు నుంచి వరుసల మధ్య వీడర్ తిప్పొచ్చు. ఒక వైపే తిరుగుతుంది, అడ్డంగా తిరగదు. వరుసలో మిగిలిన కలుపు చేత్తో తీసుకోవాల్సిందే.

[క్లిప్ 14. బోరు దగ్గర డ్రమ్ములు కడుగుతున్నారు. రంధ్రాల్లోంచి నీళ్లు ధారలుగా.]

సీడర్ కావాలంటే సొసైటీ ఆఫీసు రిజిస్టరులో పేరు రాయించండి. దమ్ము రోజు తేలాకే రాయించండి, లేకపోతే మీ మండె ముదురుతుంది, పక్కవాళ్లదీ ముదురుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు డ్రమ్ముల్లో ఒక్క గింజ మిగలకుండా కడిగి, బోర్లించి ఆరబెట్టి ఇవ్వండి. పోయినసారి ఒకరు అలాగే ఇచ్చేశారు. మూత తీస్తే లోపల చిన్న తుకం మడి ఉంది.