బోర్డు మీద మూడు లైన్లు

పండగ ఇంకా మూడు రోజులే ఉంది. ఇంట్లో వండి తెలిసినవాళ్లకు అమ్మడం అలవాటే కానీ, గేటు ముందు బల్ల వేసి అమ్మడం ఇదే మొదటిసారి. బోర్డు రాసే పని సింధు మీద పడింది.

అట్ట మీద రాసి తెచ్చి అమ్మమ్మకు చూపించింది. పైన పెద్ద అక్షరాలతో పండగ శుభాకాంక్షలు. కింద "అమృతంలాంటి రుచులు, స్వచ్ఛమైన నేతి పిండివంటల అపూర్వ సంగమం".

"అది పట్టుకుని గేటు దాకా వెళ్లు" అంది అమ్మమ్మ.

సింధు వెళ్లి నిలబడింది.

"పండగ అని కనబడుతోంది. అది నాకూ తెలుసు. ఇంతకీ ఏం అమ్ముతున్నావే?"

"కింద రాశాను కదా! నేతి పిండివంటలు."

"జంతికలు నేతిలో వేయిస్తున్నామా?"

"సున్నుండలు నేతివే కదమ్మమ్మా."

"అయితే సున్నుండలకే రాయి. జంతిక కొరికినవాడికి నూనె తెలియదూ? ఆ తర్వాత సున్నుండల్లో నెయ్యి ఉందన్నా నమ్మడు. అమృతం తీసెయ్. దాని రుచి చూసినవాళ్లెవరూ మన వీధిలో లేరు."

సింధుకు నవ్వూ, కోపమూ కలిసి వచ్చాయి. రాత్రంతా కూర్చుని రాసింది మరి. రబ్బరుతో చెరిపేసి, "తాజా జంతికలు" అని రాసింది.

"మొన్న వండినవాళ్లూ అదే రాస్తారు. నువ్వు కొనడానికెళ్తే ముందు ఏం చేస్తావు?"

"ఒకటి విరిచి వాసన చూస్తా. ముక్కిపోయాయేమోనని."

"చూశావా! ఎప్పుడు వండారన్నదే నీ అనుమానం. 'ఈ పొద్దుటి వాయి' అని రాయి."

"వాయి అంటే నా ఫ్రెండ్స్‌లో సగం మందికి తెలియదమ్మమ్మా. బోర్డు దగ్గర నిలబడి అందరికీ అర్థం చెప్పలేను."

అమ్మమ్మ కాసేపు ఆలోచించింది. మంచి మాట వదులుకోవడం ఆవిడకు ఇష్టం లేదని మొహంలో తెలుస్తూనే ఉంది. "సరే, వేయించినవి అనే రాయి."

ఈ పొద్దున వేయించిన జంతికలు
నేతి సున్నుండలు
కొరికి చూసి కొనండి

మూడో లైను సింధుదే. అమ్మమ్మ దాన్ని రెండుసార్లు చదివింది, ఏమీ అనలేదు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఈ పొద్దున అని మీరు రాస్తే సరిపోయిందా? నాలుగింటికి లేచి పొయ్యి ముందు కూర్చునేదెవరు?"

"నేను లేపుతాలే. నాకెలాగూ నిద్రపట్టదు" అంది అమ్మమ్మ.

"సాయంత్రానికి అయిపోతే?" అంది సింధు.

"బోర్డు తిప్పెయ్."

సింధు అట్ట వెనక్కి తిప్పి పెన్సిల్ తీసుకుంది. ఈసారి ఎవరినీ అడగలేదు. "అయిపోయాయి. మళ్లీ రేపు పొద్దున" అని రాసింది.