రిపోర్ట్ వచ్చేదాకా

నీ మెసేజ్ ఇప్పుడే చూశాను రా. మీటింగ్ నుంచి బయటికొచ్చేశాను, మెట్ల దగ్గర నిలబడి రాస్తున్నా.

"ఏం కాదులే" అని నేననను. బయాప్సీ రిపోర్ట్‌లో ఏముందో నాకూ తెలీదు కదా. నీకు భయంగా ఉందంటే ఉంది, అంతే. నా దగ్గర కూడా ధైర్యం నటించక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చెప్తా. రెండు మూడు రోజులన్నారు, ఇంకా రాలేదు కాబట్టి ఏదో ఉందనుకుంటున్నావు. బయాప్సీ అంటే మిషన్‌లో పెడితే వచ్చేసేది కాదు. ఒంట్లోంచి తీసిన ఆ ముక్కని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది, డాక్టర్ మైక్రోస్కోప్ కింద చూడాలి. ఇంకో రంగు వేసి చూద్దామనుకుంటే మళ్ళీ ఆలస్యం. ఆలస్యాన్ని బట్టి మంచో చెడో చెప్పలేం. ఈ మాట మన డాక్టరే అన్నారు. నువ్వప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని కిటికీ వైపు చూస్తున్నావు, విన్నట్టు లేవు.

ల్యాబ్‌కి నేను ఫోన్ చేస్తా, నువ్వు చెయ్యకు. వాళ్ళ యాప్ కూడా మాటిమాటికీ తెరవకు, నేను చూస్తుంటా. రాగానే చెప్తా, కానీ నువ్వు పక్కన లేకుండా తెరవను. గూగుల్ జోలికి మాత్రం వెళ్ళకు. (నిన్న అర్ధరాత్రి దుప్పటి కింద ఏం చదివావో నాకు తెలుసులే.)

ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటా. మాట్లాడాలనిపిస్తే మాట్లాడదాం, లేదంటే ఊరికే పక్కన కూర్చుంటా. ఈలోపు ఏడుపొస్తే ఫోన్ చెయ్. ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు, ఎత్తుతా.