పాశ్చాత్య సంగీత చరిత్ర సర్వే పరీక్ష: ఆరు వారాల రివిజన్ ప్రణాళిక (విశాఖపట్నం బృందం, నవంబర్ 2 – డిసెంబర్ 13, 2026)

పరీక్ష డిసెంబర్ 14, సోమవారం ఉదయం 10 గంటలకు. మూడు గంటలు, 100 మార్కులు. 40 మార్కులు వినికిడికి: 10 క్లిప్పులు, ఒక్కోటి 45 సెకన్లు, రెండుసార్లు వినిపిస్తారు. ప్రతి క్లిప్పుకూ 4 మార్కులు. కాలం, ప్రక్రియ, రచయిత, మీ చెవికి వినబడిన ఒక ఆధారం, ఒక్కోదానికి ఒక మార్కు. మిగతా 60లో ఆరు లఘు ప్రశ్నలకు 30, రెండు వ్యాసాలకు 30.

ఈ లెక్కను బట్టే రివిజన్ ఉండాలి. రచయిత పేరు తట్టకపోయినా ఒక్క క్లిప్పులో 3 మార్కులు తెచ్చుకోవచ్చు. అదే తేదీలన్నీ కంఠస్థం చేసి చెవికి పని చెప్పకపోతే, 40 మార్కుల విభాగంలో చేతులెత్తేయాలి. అందుకే ఆరు వారాలూ వినడం ముందు, చదవడం తర్వాత.

మన చెవికి ఉన్న అలవాటు

కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవాళ్లం ముందుగా రాగం పట్టుకుంటాం, అంటే పైనున్న స్వరపంక్తి వెంట పోతాం. ఈ పరీక్షలో అది సగమే పనికొస్తుంది. శంకరాభరణం స్వరాల్లాంటి మేజర్ స్కేలు వివాల్డీలోనూ ఉంటుంది, మొజార్ట్‌లోనూ ఉంటుంది, ద్వోర్జాక్‌లోనూ ఉంటుంది. కాలాన్ని చెప్పేది పాట కాదు, పాట కింద జరిగేది. బేస్ ఏం చేస్తోంది, ఎన్ని గొంతులు విడివిడిగా నడుస్తున్నాయి, ఏ వాద్యాలు ఉన్నాయి అన్నవి చూడాలి. ఫోన్ స్పీకర్లో బేస్ దాదాపు వినబడదు. బరోక్ సంగీతానికి వెన్నెముక అయిన బాసో కంటిన్యువో, అంటే కింద నడిచే చెల్లో, దాని మీద హార్ప్సికార్డ్, అందులో మాయమైపోతుంది. కాబట్టి ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

మన మేళకర్తల పరిచయం ఒకచోట బాగా అక్కరకొస్తుంది. చర్చి మోడ్‌ల స్వరాలు గుర్తుండకపోతే డోరియన్‌కు ఖరహరప్రియ, ఫ్రీజియన్‌కు హనుమతోడి, లిడియన్‌కు మేచకల్యాణి, మిక్సోలిడియన్‌కు హరికాంభోజి అనుకోండి. స్వరస్థానాలు మాత్రమే ఒకటి, గమకం, సంచారం వేరు.

అక్టోబర్ 31, నవంబర్ 1: క్లిప్పులు సిద్ధం చేయడం

మొత్తం 24 రచనలు, ఒక్కోదాని నుంచి రెండు క్లిప్పులు: ఒకటి మొదటి నుంచి, ఒకటి మధ్య నుంచి. పరీక్షలో మొదటి నుంచే వినిపిస్తారన్న హామీ లేదు. ఎప్పుడూ ఎత్తుగడ మాత్రమే విన్నవాళ్లు మధ్యలోంచి వస్తే సొంత ఇంటి పాటనే గుర్తుపట్టరు. ఫైళ్లకు పేర్లు వద్దు, అంకెలు పెట్టండి. జవాబులు వేరే కాగితం మీద ఉండాలి. వీడియో చూస్తూ వినడం పూర్తిగా మానేయండి. తెర మీద పేరు కనబడితే కన్ను జవాబు చెప్పేస్తుంది, చెవి ఏమీ నేర్చుకోదు.

కంప్యూటర్ ఉన్నవాళ్లు 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర నుంచి 45 సెకన్లు కోయడానికి:

```
ffmpeg -ss 00:02:10 -t 45 -i source.mp3 -c copy 17.mp3
```

48 క్లిప్పులూ ఫోన్‌లో దాచుకోండి. నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే విశాఖలో కరెంటు, నెట్ రెండూ పోవచ్చు. వినడం మాత్రం ఆగకూడదు.

రోజువారీ పద్ధతి

సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు 90 నిమిషాలు. మొదటి 30 నిమిషాలు వినడం: ఆ రోజు కొత్త క్లిప్పులు రెండు, పాతవి ఆరు. ప్రతి క్లిప్పుకూ పరీక్షలోలాగే నాలుగు జవాబులు కాగితం మీద రాయాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. తర్వాతి 40 నిమిషాలు కాలం, శైలి నోట్సు. చివరి 20 నిమిషాలు పుస్తకం మూసి గుర్తున్నది రాయడం. కొత్త క్లిప్పు మర్నాడు, నాలుగో రోజు, ఎనిమిదో రోజు మళ్లీ రావాలి. మూడుసార్లూ సరిగ్గా రాస్తే దాన్ని పక్కన పెట్టి ఆరో వారంలో తీయండి. గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సులో పాత క్లిప్పులు వినొచ్చు కానీ కొత్తవి వద్దు. ఇంజన్ హోరులో బేస్ తెలియదు.

ప్రతి ఆదివారం సాయంత్రం 5 గంటలకు ఎంవీపీ కాలనీలో 10 క్లిప్పుల పరీక్ష. నవంబర్ 8 దీపావళి కాబట్టి మొదటి పరీక్ష 7వ తేదీ శనివారం ఉదయం పెట్టుకుందాం. టపాసుల మధ్య గ్రెగోరియన్ చాంట్ వినలేం.

1వ వారం: మధ్యయుగం, రినైసాన్స్

రచనలు: ఏదైనా ఒక గ్రెగోరియన్ చాంట్, పెరోటాన్ ‘విదెరుంత్ ఓమ్నెస్’, మషో ‘మెస్ ద నోత్ర్ దామ్’ నుంచి కీరియే, జోస్కాన్ ‘ఆవె మరియా... వర్గో సెరీనా’, పాలెస్ట్రీనా ‘మిస్సా పాపె మార్చెల్లి’ నుంచి కీరియే.

గొంతుల సంఖ్య లెక్కపెట్టడమే ఈ వారం పని. ఒకే పంక్తి, తాళం లేకుండా సాగితే చాంట్. కింద ఒక స్వరం చాలాసేపు నిలిచి, పైన మూడు గొంతులు గంతులేస్తుంటే పారిస్ నోత్ర్ దామ్ ఆర్గనమ్. ఒక గొంతు ఎత్తిన మాటను మరో గొంతు అందుకుంటూ పోతే జోస్కాన్ తరహా అనుకరణ. పాలెస్ట్రీనాలో గెంతులు తక్కువ, అపస్వరంలా తోచేదల్లా ముందే సిద్ధమై మెత్తగా విడిపోతుంది. రాతకు ముఖ్యమైనవి: హిల్డెగార్డ్ (1098–1179), మషో (మరణం 1377), 1501లో వెనిస్‌లో పెట్రూచి అచ్చువేసిన బహుస్వర గీతాల సంపుటి, జోస్కాన్ (మరణం 1521).

తేదీలు నిలవడానికి మన వాగ్గేయకారులను పక్కన పెట్టుకోండి. పెట్రూచి అచ్చు మొదలైన రెండేళ్లకు, 1503లో, అన్నమయ్య పోయారు. త్యాగరాజు (1767–1847) బీథోవెన్ (1770–1827) కంటే మూడేళ్లు పెద్ద. ఇవి మీ జ్ఞాపకం కోసం మాత్రమే, జవాబు పత్రంలో అడగకుండా రాయొద్దు.

2వ వారం: బరోక్

రచనలు: మాంటెవెర్డి ‘ఓర్ఫెయో’ (1607), వివాల్డి ‘వసంతం’ మొదటి భాగం (ప్రచురణ 1725), బాఖ్ ఐదో బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టో మొదటి భాగం, ‘వెల్-టెంపర్డ్ క్లావియర్’ మొదటి సంపుటం (1722) సి మైనర్ ఫ్యూగ్, హాండెల్ ‘మెస్సయ్య’ నుంచి హల్లెలూయా (డబ్లిన్, 1742).

ఒక్కసారి మొదలైన లయ ఆగదు, బేస్ నడుస్తూనే ఉంటుంది, శబ్దం మెట్లు మెట్లుగా మారుతుంది. ఈ మూడూ కలిస్తే బరోక్ అని ధైర్యంగా రాయండి. వివాల్డీలో మొత్తం బృందం వాయించే రిటోర్నెల్లో మళ్లీ మళ్లీ వస్తుంది, మధ్యలో సోలో వయొలిన్. ఫ్యూగ్‌ను వినేటప్పుడు ఎత్తుగడ ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టండి, ఆ సి మైనర్‌లో గొంతులు మూడు. బాఖ్, హాండెల్, డొమెనికో స్కార్లాటి ముగ్గురూ 1685లోనే పుట్టారు. ఇది లఘు ప్రశ్నకు తేలిగ్గా దొరికే మార్కు.

3వ వారం: క్లాసికల్

రచనలు: హైడెన్ 94వ సింఫనీ రెండో భాగం, మొజార్ట్ 40వ సింఫనీ (1788) మొదటి భాగం, మొజార్ట్ పియానో సొనాటా కె.545 మొదటి భాగం, బీథోవెన్ మూడు, ఐదు సింఫనీల మొదటి భాగాలు.

మొజార్ట్ 40ని కాస్త దగ్గరగా చూద్దాం. పాట మొదలయ్యే ముందే వయోలాలు కింద గబగబా కదులుతుంటాయి. వాటి మీద వయొలిన్లు మూడు స్వరాల నిట్టూర్పు తీస్తాయి, అదే నిట్టూర్పు మళ్లీ మళ్లీ. ట్రంపెట్లు, టింపనీ లేవు. హార్ప్సికార్డ్ వినబడదు, చిన్న చిన్న వాక్యాలుగా ప్రశ్న–జవాబులా సాగుతుంది. ఆధారం గడిలో ‘విషాదంగా ఉంది’ అని రాస్తే మార్కు రాదు. ‘తీగవాద్యాల తోడు మీద పొట్టి సమతూక వాక్యాలు, కంటిన్యువో లేదు’ అని రాస్తే వస్తుంది.

కె.545లో ఎడమచేయి కలిసి మోగాల్సిన మూడు స్వరాలను విడగొట్టి కింద–పైన–మధ్య–పైన వాయించే ఆల్బర్టి బేస్ నేర్చుకోవాలి. సొనాటా ఫారం బొమ్మ గీయడం ఈ వారం రోజూ ఒకసారి: ఎక్స్‌పొజిషన్‌లో రెండో ఇతివృత్తం వేరే కీలో వస్తుంది, రీకాపిచ్యులేషన్‌లో సొంత కీలోకి తిరిగొస్తుంది. చాలామంది ‘మళ్లీ వస్తుంది’ అని వదిలేస్తారు. కీ మారిందని రాయకపోతే సగం మార్కులే. ఐదో సింఫనీ తొలి ప్రదర్శన 1808 డిసెంబర్ 22, వియన్నా.

4వ వారం: రొమాంటిక్

రచనలు: షూబర్ట్ ‘ఎర్ల్‌క్యోనిగ్’ (1815), బెర్లియోజ్ ‘సింఫనీ ఫాంటాస్టీక్’ (1830), షోపాన్ నాక్టర్న్ ఓపస్ 9 నం. 2, వాగ్నర్ ‘ట్రిస్టాన్’ ప్రిలూడ్ (ఒపెరా తొలి ప్రదర్శన మ్యూనిక్, 1865), ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ (1893) రెండో భాగం. వెర్డి, వాగ్నర్ ఇద్దరూ 1813లో పుట్టారు. ఇద్దరినీ పోల్చమని వ్యాసం రావచ్చు, శుక్రవారం 25 నిమిషాల్లో రాసి చూడండి. ప్రతి పేరాలో ఒక వాదన, ఒక రచన పేరు, అందులో చెవికి వినబడే ఒక సాక్ష్యం ఉండాలి.

5వ వారం: ఇరవయ్యో శతాబ్దం

రచనలు: డెబ్యుసీ ‘ఫాన్ మధ్యాహ్నానికి ప్రిలూడ్’ (1894), స్ట్రావిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ (పారిస్, 1913 మే 29), షోన్‌బెర్గ్ ‘పియెరో లూనేర్’ (1912), స్టీవ్ రైష్ ‘క్లాపింగ్ మ్యూజిక్’ (1972). జాన్ కేజ్ 4′33″ (1952) రాతకు మాత్రమే.

మొదటి రెండూ ఒంటరి గాలివాద్యంతో మొదలవుతాయి కాబట్టి కలగాపులగం అవుతాయి. డెబ్యుసీది ఫ్లూట్. జారుతూ దిగి, తిరిగి ఎక్కుతుంది, తర్వాత హార్ప్ జల్లు. స్ట్రావిన్‌స్కీది బాసూన్, తన సహజ స్థాయికి మించి పైన బిగుసుకుని పలుకుతుంది. ఇంకో పొరపాటు: షోన్‌బెర్గ్ పేరు కనబడగానే ‘పన్నెండు స్వరాల పద్ధతి’ అని రాసేయడం. ‘పియెరో’ ఆ పద్ధతి కంటే ముందుది. అది స్వేచ్ఛా అటోనల్, సగం పాట సగం మాట. పన్నెండు స్వరాల పద్ధతి 1920ల తొలినాళ్లది. మెసియాన్ గురించి ప్రశ్న వస్తే, శార్ఙ్గదేవుని ‘సంగీతరత్నాకరం’లోని దేశీ తాళాలను ఆయన వాడుకున్నాడని తప్పక రాయండి. మనకు ఆ తాళాలు కొత్త కావు కాబట్టి ఆ జవాబులో మనవాళ్లు నిజంగా మెరవగలరు.

6వ వారం: కలిపి వినడం

కొత్త రచనలేవీ వద్దు. 48 క్లిప్పులూ కలిపేసి, రోజుకు పది, వరుస మార్చి. తప్పినవాటిని జంటలుగా పెట్టి వెంటవెంటనే వినండి: జోస్కాన్–పాలెస్ట్రీనా, బాఖ్–హాండెల్, హైడెన్–మొజార్ట్. బుధవారం, శనివారం మూడేసి గంటల పూర్తి పరీక్ష, చేత్తో రాయాలి. జాబితాలో లేని రచనలు ఐదు కూడా శనివారం వినిపిస్తాం. పేరు తెలియని దానికి కాలం, ప్రక్రియ రాబట్టడమే ఆ ఐదింటి ఉద్దేశం. డిసెంబర్ 13 ఆదివారం సాయంత్రం పరీక్ష లేదు. ఒక గంట తేదీల కార్డులు చూసి పడుకోండి.

హాల్లో

క్లిప్పు మొదటిసారి వినేటప్పుడు గొంతుల సంఖ్య, వాద్యాలు మాత్రమే రాసుకోండి. రెండోసారి బేస్, లయ విని కాలం తేల్చండి. రచయిత పేరు ఆఖరున. తెలియకపోతే ఆ కాలంలో మీకు బాగా తెలిసిన పేరు రాసి ముందుకు వెళ్లండి. పోయిన క్లిప్పు గురించి ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి క్లిప్పు మొదటి పది సెకన్లు కూడా పోతాయి.