మేడమ్‌కి, పరవాడ ఉద్యోగం వచ్చింది

గోపాలపట్నం,
విశాఖపట్నం

మేడమ్‌కి నమస్కారం.

ఉద్యోగం వచ్చింది మేడమ్. సోమవారమే చేరాను. ఆఫర్ లెటర్ వచ్చిన రోజే మీకు ఫోన్ చేశాను కానీ ఏడుపొచ్చి రెండు మాటలు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు వివరాలు చెప్తాను. పరవాడ ఫార్మా సిటీలోనే, క్యూసీలో. నేను అప్లై చేసింది సీనియర్ ఎగ్జిక్యూటివ్‌కి, ఇచ్చింది ఎగ్జిక్యూటివ్. నాన్నగారి కోసం ఇంట్లో ఉండిపోయిన మూడేళ్లను అనుభవం కింద లెక్కపెట్టలేదు. ఆరు నెలలు ప్రొబేషన్, ఆ తర్వాత గ్రేడ్ మళ్లీ చూస్తామన్నారు. మొదట కొంచెం బాధేసింది. కానీ హెచ్‌పీఎల్‌సీ సెక్షన్‌లోనే వేశారు కాబట్టి చేతిలో పని పోలేదు, అది చాలనిపించింది.

ఇప్పుడు అసలు విషయం. రిఫరెన్స్ కోసం వాళ్లు మీకు ఫోన్ చేశారని తెలుసు కానీ, మీరేం చెప్పారో రెండో ఇంటర్వ్యూ దాకా నాకు తెలియదు. క్యూసీ హెడ్ గారు నా కాగితాలు పక్కన పెట్టి, "మీ మేడమ్ ఒక స్టాండర్డ్ విషయం చెప్పారు, అదేంటో మీ నోటితో చెప్పండి" అన్నారు. ఒక్కసారిగా ఒళ్లు చల్లబడిపోయింది. ఆ తేమ సంగతే అని వెంటనే అర్థమైంది.

ఏదీ దాచకుండా చెప్పాను మేడమ్. స్టాండర్డ్‌లో 3 శాతం తేమ ఉంటే ఆ సవరణ వేయకుండా లెక్క కట్టానని, 99.2 అని రాసి పాస్ చేశానని, ఇంటికెళ్లాక అనుమానమొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదని, సవరణ వేస్తే 96.2 అయి లిమిట్ కింద పడిందని. పొద్దున్నే మీ దగ్గరికి వచ్చి చెప్తే మీరు తిట్టకుండా, రిపోర్ట్ ఇంకా పార్టీకి వెళ్లలేదు కదా అని అడిగి, ముందు దాన్ని ఆపించారని కూడా చెప్పాను. ఆ తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి డీవియేషన్ రాయించారు. అదే స్టాండర్డ్‌తో చేసిన మిగతా నాలుగు శాంపిళ్లూ మళ్లీ లెక్క కట్టించారు. నోట్‌బుక్‌లో పాత అంకె కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయమన్నారు. ఆ రోజు ఆ గీత కొడుతుంటే నా చెయ్యి వణికింది.

ఆయన అంతా విని, తప్పు చేశారా అని అడిగితే అందరూ లేదనే అంటారని, ఎదురుగా వచ్చి చెప్పుకున్న మనిషి గురించి పై అధికారే చెప్పడం వేరని అన్నారు. ఆ తర్వాత గ్యాప్ గురించి ఒక్క ప్రశ్నే అడిగి వదిలేశారు.

ఇంటర్వ్యూ అయ్యాక బస్సులో కూర్చుని దాని గురించే ఆలోచించాను. "మంచి అమ్మాయి, బాగా పనిచేస్తుంది" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. మీరు రిటైరై రెండేళ్లయింది, మోకాళ్ల నొప్పితో ఇంట్లో ఉన్నారు. అయినా ఇరవై నిమిషాలు మాట్లాడారట. అన్నేళ్ల కిందటి సంగతి గుర్తుపెట్టుకుని, నాకు మచ్చ అవుతుందని నేను భయపడిన దాన్నే నాకు అండగా నిలబెట్టారు. మీ దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం మేడమ్.

వెరిఫికేషన్ ఫారం కూడా మీరు వెంటనే నింపి పంపారని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పారు. ఇక ఆ పని పూర్తయింది, మీకు మళ్లీ ఫోన్లు రావు.

మొదటి వారం ఏ షిఫ్ట్. ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దగ్గర తెల్లవారకుండానే కంపెనీ బస్సెక్కుతున్నాను. నాన్నగారు కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడుతున్నారు. పక్షవాతం వచ్చాక ఆయన అంత పొద్దున్నే తనంతట తాను లేవడం ఇదే మొదలు. అమ్మ మీకు మరీ మరీ నమస్కారాలు చెప్పమంది. జీతం వచ్చాక సింహాచలం వెళ్లి అప్పన్నకి మొక్కు తీర్చుకుంటానంటోంది.

ఇంకొక మాట. మా సెక్షన్‌లో ఈ ఏడే ఎంఎస్సీ అయిన అమ్మాయి ఉంది. నిన్న తప్పు పడిన అంకె మీద మళ్లీ పెన్నుతో దిద్దబోతుంటే ఆపి, ఒకే గీత కొట్టించాను. ఎందుకని అడిగింది. మీరు నాకు చెప్పినట్టే కూర్చోబెట్టి చెప్పాను.

వచ్చే ఆదివారం సాయంత్రం ఎంవీపీ కాలనీకి వస్తాను. మీకు షుగర్ కాబట్టి మాడుగుల హల్వా పిల్లలకే. మీకు రైతు బజార్ నుంచి ఏమైనా కావాలంటే ముందే చెప్పండి, తెస్తాను. మెట్లు దిగి కిందికి రావద్దు, నేనే పైకి వస్తాను.

మీ
సుజాత